వానాకాలం బోర్డులు: మీటర్ పెట్టే ముందు జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గర పడుతోంది. ఈదురుగాలులు, పిడుగులు, మాటిమాటికీ పోయి వచ్చే కరెంటు మొదలైతే హైదరాబాద్‌లో రిపేరు షాపుల బల్లల మీద వాషింగ్ మెషీన్ బోర్డులు, టీవీ పవర్ సప్లైలు పేరుకుపోతాయి. కోఠి గుజరాతీ గల్లీలో చిన్న మీటర్ ఒకటి కొని, ఇంట్లోనే బోర్డు విప్పి చూద్దామనుకునేవాళ్లూ ఉంటారు. ఇది ఇద్దరికీ పనికొచ్చే విషయమే. రాస్తున్నది 230 వోల్టుల కరెంటును నేరుగా తీసుకుని, వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ చిన్న డీసీ వోల్టేజ్‌గా మార్చే ఎస్‌ఎమ్‌పీఎస్ బోర్డుల గురించి. ప్రాణాలకు ప్రమాదం ఉన్నది వాటితోనే, మీటర్ ఎక్కువగా తప్పుదోవ పట్టించేదీ వాటి మీదే.

ప్లగ్ తీసేసినంత మాత్రాన బోర్డులో కరెంటు పోదు. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడ్ల పక్కన లావుగా, 400 లేదా 450 వోల్టులని రాసి ఉండే మెయిన్ కెపాసిటర్‌లో దాదాపు 320 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. ఫ్యూజ్ బాగానే ఉండి బోర్డు మాత్రం అసలు ఆన్ కావడం లేదంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సప్లై పనిచేయడం లేదు కాబట్టి ఆ చార్జీని వాడుకునేది ఏదీ ఉండదు, అది చాలాసేపు అలాగే ఉండిపోవచ్చు.

ముందు మీటర్‌ను డీసీ వోల్టుల పెద్ద రేంజ్‌లో పెట్టి, చేతిలో ఉన్న ఏదైనా బ్యాటరీ మీద చూడండి. చవక మీటర్లలో ప్రోబ్ వైరు లోపల తెగిపోవడం మామూలే. తెగిన వైరుతో నిండు కెపాసిటర్ మీద పెట్టినా సున్నాయే చూపిస్తుంది, ఆ సున్నాని నమ్మి చెయ్యి పెడితే షాక్ తప్పదు. బ్యాటరీ వోల్టేజ్ సరిగ్గా వచ్చాకే కెపాసిటర్ రెండు కాళ్ల మీద చూడండి. చార్జి ఉంటే 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి, ఆ రెండు కాళ్ల మధ్య ఓ పది సెకన్లు ఆనించండి. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు అంత చాలు. తర్వాత మళ్లీ వోల్టేజ్ చూసి, ఒకటి రెండు వోల్టుల లోపుకు దిగిందని తేలాకే ముందుకు వెళ్లండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకోండి. ఆ నిప్పురవ్వకు ట్రాక్ లేచిపోవచ్చు, కళ్లలో పడవచ్చు.

ఎర్ర వైరు ఏ సాకెట్‌లో ఉందో కూడా చూసుకోండి. 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండగా వోల్టేజ్ చూడబోతే ప్రోబులతోనే లైన్‌ని షార్ట్ చేసినట్టు. చాలా చిన్న మీటర్లలో ఆ సాకెట్ వెనుక ఫ్యూజ్ కూడా ఉండదు.

ఇక అసలు పరీక్ష. డయోడ్ మోడ్‌లో మీటర్ దాదాపు 1 మిల్లీ ఆంపియర్ కరెంటు పంపి, మధ్యలో ఎంత వోల్టేజ్ పడిందో చూపిస్తుంది. మామూలు సిలికాన్ డయోడ్‌కు ఒకవైపు 0.5 నుంచి 0.7 దాకా వస్తుంది. రెండో వైపు కరెంటు దాటదు కాబట్టి OL అని, కొన్ని మీటర్లలో ఎడమ అంచున 1 అని చూపిస్తుంది. షాట్‌కీ డయోడ్‌కు 0.2 దగ్గర వచ్చినా అది బాగున్నట్టే. ఇదంతా విడి డయోడ్ లెక్క. బోర్డు మీద ఉన్నప్పుడు ఆ 1 మిల్లీ ఆంపియర్‌కు ఎన్నో పక్కదారులు ఉంటాయి.

ఒక కేసు చూద్దాం. వాన పడిన రాత్రి ఫ్యూజ్ పోయిన బోర్డు. బ్రిడ్జిలో నాలుగు 1N4007 డయోడ్లు. మొదటిదాని మీద పెడితే ఒకవైపు 0.55, ప్రోబులు మార్చినా 0.55. మిగతా మూడూ అంతే. నాలుగూ పోయాయని మార్చేస్తే, కొత్తవాటి మీదా అదే రీడింగ్ వస్తుంది. కాలిపోయిన డయోడ్ 0.55 చూపించదు. షార్ట్ అయితే సున్నాకు దగ్గర, తెగితే రెండువైపులా OL. రెండువైపులా 0.55 వచ్చిందంటే ఒక మంచి డయోడ్ గుండా కరెంటు తిరిగి వస్తోందన్నమాట. ఎర్ర ప్రోబ్ బ్రిడ్జి ప్లస్ మీద, నల్లది ఏసీ కాలి మీద ఉంటే, కరెంటు ప్లస్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట, దాన్ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్ లాంటి, ఇప్పుడు షార్ట్ అయిన మాస్‌ఫెట్, దాని కింది చిన్న సెన్స్ రెసిస్టర్ మీదుగా మైనస్‌కు దిగి, అక్కడి నుంచి బ్రిడ్జిలోని ఇంకో డయోడ్ గుండా ఏసీ కాలికి చేరుతోంది. ఆ డయోడ్ వోల్టేజే మీకు కనిపిస్తోంది.

తేల్చుకోవాలంటే ప్లస్, మైనస్‌ల మధ్య పెట్టండి. సున్నా దగ్గరే ఆగిపోతే మాస్‌ఫెట్ గానీ కెపాసిటర్ గానీ షార్ట్. మాస్‌ఫెట్ డ్రెయిన్ కాలి దగ్గర సోల్డర్ తీసి, కాలు రంధ్రానికి ఎక్కడా తగలకుండా చేసి మళ్లీ చూడండి. ఇప్పుడు బ్రిడ్జి డయోడ్లు రివర్స్‌లో OL చూపిస్తే దోషి మాస్‌ఫెటే. ఇక్కడ తొందర వద్దు. బాగున్న బోర్డులో కూడా రివర్స్‌లో పెట్టగానే కెపాసిటర్ చార్జి అవుతూ రీడింగ్ కాసేపు పైకి పాకి, ఆ తర్వాతే OL అవుతుంది. కదలకుండా నిలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. బీప్‌ను అసలే నమ్మవద్దు. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల దాకా బీప్ అంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీదా మోగుతాయి.

ట్రాన్సిస్టర్‌లో బేస్ నుంచి ఎమిటర్‌కు, బేస్ నుంచి కలెక్టర్‌కు డయోడ్ లాంటి రీడింగ్ రావాలి, కలెక్టర్ ఎమిటర్ మధ్య రెండువైపులా OL రావాలి. బోర్డు మీద బేస్ ఎమిటర్ మధ్య 100 ఓమ్ రెసిస్టర్ ఉందనుకోండి, రెండువైపులా 0.1 చూపిస్తుంది. ఒక మిల్లీ ఆంపియర్ 100 ఓమ్‌ల గుండా వెళ్తే పడేది అంతే కదా. దాన్ని షార్ట్ అనుకుని మంచి ట్రాన్సిస్టర్ పీకేస్తుంటారు. అనుమానం వస్తే బేస్ కాలు ఒక్కటి లేపి చూస్తే చాలు.

రెసిస్టర్‌కు ఒక తేలిక సూత్రం ఉంది. బోర్డులో కరెంటు ఏమీ లేకపోతే, పక్కదారుల వల్ల విలువ తగ్గి కనిపించవచ్చు గానీ పెరిగి కనిపించదు. 474 అని ఉన్న స్టార్టప్ రెసిస్టర్ అంటే 470 కిలో ఓమ్. అది 300 చూపిస్తే ఏమీ అనలేం, ఒక కాలు లేపి చూడాలి. నిలకడగా 1.2 మెగా ఓమ్ చూపిస్తే మాత్రం పోయినట్టే. ఇలాంటి పెద్ద విలువలు చూసేటప్పుడు రెండు ప్రోబ్ మొనలనూ రెండు చేతులతో పట్టుకోవద్దు, తడి వేళ్ల గుండా కూడా కరెంటు పోయి రీడింగ్ తగ్గుతుంది. వాన నీళ్లు పడిన బోర్డునైతే బాగా ఆరబెట్టాకే మీటర్ పెట్టండి. అటు సెన్స్ రెసిస్టర్ 0.47 ఓమ్ లాంటిది. ప్రోబులు ఒకదానికొకటి ఆనిస్తేనే చిన్న మీటర్‌లో అంత వచ్చేస్తుంది. కాబట్టి తెగిందా లేదా అన్నదే చూడండి, విలువ జోలికి పోకండి.

మాస్‌ఫెట్ మార్చాక నేరుగా ప్లగ్ పెట్టవద్దు. షార్ట్ అయినప్పుడు సెన్స్ రెసిస్టర్‌నీ, గేటు రెసిస్టర్‌నీ, ఒక్కోసారి కంట్రోల్ ఐసీనీ వెంట తీసుకుపోతుంది, ముందు అవి చూడండి. తర్వాత లైన్‌లో 60 వాట్ల బల్బు సిరీస్‌లో కట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే షార్ట్ లేనట్టు. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే వెంటనే ఆపండి, షార్ట్ ఇంకా ఎక్కడో ఉంది. ఈ పనికి ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ బల్బుతో ఏమీ తేలదు.