ఫోటో చూసి తైవాన్ స్ప్రేయర్ పార్టు తెప్పిస్తే సరిపోవడం లేదా? ముందు ఇంజన్ చూడండి

సమస్య: పొలం గట్టు మీద తీసిన ఫోటో పంపి "ఈ మోడల్‌కి కార్బొరేటర్ కావాలి" అని అడుగుతారు. కంపెనీ పేరు సరిగ్గానే చెబుతారు. తెప్పిస్తే బోల్టు రంధ్రాలు కలవవు. మందు కొట్టే అదునులో నాలుగు రోజులు పోతాయి.

ఫోటోలో కనపడేది పదికి తొమ్మిదిసార్లు ట్యాంకు, దాని మీది స్టిక్కర్. స్ప్రేయర్ విషయంలో మోడల్‌ను చెప్పేది ఆ రెండూ కావు. వీపు వైపు కాకుండా ఇంజన్ వైపు తిప్పి, మట్టి తుడిచి ఇంకొక ఫోటో తీయండి. ఈ పని చేయనివాళ్ళే ఎక్కువ.

అసలు కారణం: మన దగ్గర తైవాన్ స్ప్రేయర్ అనే యంత్రాల్లో చాలావరకు చైనాలో ఒకే మూసలో తయారై, ఇక్కడ అమ్మేవాళ్ళ పేర్లతో వస్తాయి. స్టిక్కర్ మీదది అమ్మేవారి పేరు, ఇంజన్ చేసినవారిది కాదు. పైగా ఒకే స్టిక్కర్, ఒకే రంగు ట్యాంకుతో ఒక ఏడాది టూ స్ట్రోక్, మరుసటి ఏడాది ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టి అమ్మిన సరుకు చూశాను. గుంటూరు వైపు ఒక మిర్చి రైతు విషయంలో ఇదే జరిగింది. పక్క పొలం అతని మిషను, ఇతనిది అచ్చం ఒకేలా ఉన్నాయి. పక్కాయన ఏ కార్బొరేటర్ వాడాడో అదే తెప్పించాడు. పట్టలేదు. పక్కాయన ఇంజన్ మీద 1E34F అని ఉంది, ఇతని దాని మీద 139F.

ఈ అక్షరాలు ఇంజన్ బాడీ మీద పోతలో గానీ, తాడు లాగే స్టార్టర్ పక్కన చిన్న రేకు మీద గానీ ఉంటాయి. మొదటి 1 అంటే ఒక సిలిండర్. E ఉంటే టూ స్ట్రోక్, లేకపోతే ఫోర్ స్ట్రోక్. చివరి రెండంకెలు సిలిండర్ లోపలి వెడల్పు మిల్లీమీటర్లలో: 34 లేదా 39. F అంటే గాలితో చల్లబడే రకం. పిస్టన్, రింగులు కొనడానికి ఇదే ఆధారం.

అక్షరాలు అరిగిపోతే ఇంజన్ అడుగున చూడండి. ఆయిలు పోసే మూత విడిగా ఉంటే ఫోర్ స్ట్రోక్, లేకుంటే టూ స్ట్రోక్. కార్బొరేటర్ దగ్గర నొక్కే రబ్బరు బుడగను చూసి తేల్చకండి, అది రెండింటిలోనూ ఉండవచ్చు. ఈ తేడా పార్టుతోనే ఆగదు. టూ స్ట్రోక్‌కి లీటరు పెట్రోలులో సుమారు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలపాలి, ఫోర్ స్ట్రోక్‌కి ఉత్త పెట్రోలే పోసి ఆయిలు విడిగా పోయాలి. టూ స్ట్రోక్‌లో ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది.

పరిష్కారం: ఇంజన్ పేరు తెలిసినా వెంటనే ఆర్డరు పెట్టకండి. 1E34F అని వెతికితే గడ్డి కోసే మిషన్ల పార్టులు కూడా వస్తాయి, వాటి కార్బొరేటర్ వేరుగా ఉంటుంది. పాత పార్టు విప్పి, పది రూపాయల నాణెం పక్కన పెట్టి, పైనుంచి నిటారుగా ఫోటో తీయండి. నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. ఇంజన్‌కి బిగించే బోల్టు రంధ్రాల నడుమ దూరం దానితో లెక్కకట్టి, స్కేలుతో సరిచూసి షాపుకి పంపండి. పాత పార్టు కొలత, కొత్తదాని కొలత కలిస్తేనే కొనండి. మా గుంటూరు రైతుకి ఇలాగే ఒక్క పూటలో సరైన పార్టు దొరికింది.

ఇంజన్ బాగుండి ప్రెషరు రాకపోతే అది చాలావరకు పంపు సమస్య. పంపును తిప్పేది ఇంజనే అయినా అది విడి భాగం, దాన్ని వేరుగా గుర్తించాలి. ఇత్తడి పంపు విప్పితే సీళ్ళు, వాల్వులు కనపడతాయి. అరిగిన సీలునే షాపుకి పట్టుకెళ్ళండి, పేరు చెప్పి అడగకండి.

మెకానిక్ ఇంజనే మార్చేయడం, పాత మోడల్ రావడం ఆగిపోవడం లాంటివి అరుదు. వాటికీ ఇంజన్ మీది అక్షరాలే సమాధానం.

వాడకం సంగతి: ఈ మిషన్లు మిర్చి, పత్తి లాంటి ఆకు గుబురు పైర్లలో పురుగు, తెగులు మందులకు సరిపోతాయి. నిండు ట్యాంకుతో వీపు మీద సుమారు 30 కిలోల బరువు ఉంటుంది. కలుపు మందుకి ఇదే గన్నుతో పూర్తి వేగంలో కొడితే సన్నని తుంపర గాలికి పక్క పైరు మీద పడుతుంది. దానికి చేతి పంపు, ఫ్లడ్ జెట్ నాజిల్ వాడండి. ఎత్తైన మామిడి చెట్లకైతే ఇది చాలదు, పొడవు పైపుతో హెచ్‌టీపీ స్ప్రేయర్ కావాలి.