కణవిభజన జవాబు దిద్దుకునేటప్పుడు: మిరప 24 ఎక్కడ 48 అవుతుంది, ఎక్కడ కాదు

పబ్లిక్ పరీక్షల ముందు గుంటూరు, విజయవాడ కాలేజీల్లో బోటనీ పేపర్లు దిద్దితే ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మైటాసిస్ అనాఫేజ్‌లో జరిగేదాన్ని మియోసిస్ అనాఫేజ్ 1 కింద రాసేస్తారు. అక్కడ అంకె ఒకసారి తప్పితే ఆ తర్వాతి దశలన్నీ తప్పుతాయి.

లెక్కకు మన మిరపనే తీసుకుందాం. దాని శాఖీయ కణంలో 24 క్రోమోజోమ్‌లు. ముందు ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: క్రోమోజోమ్‌లు లెక్కించాలంటే సెంట్రోమియర్‌లను లెక్కపెట్టాలి, డీఎన్ఏ కావాలంటే క్రొమాటిడ్‌లను. ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపవుతుంది కానీ సెంట్రోమియర్‌లు విడివిడిగా కనిపించవు. అందుకే జీ2లో కూడా క్రోమోజోమ్‌లు 24 మాత్రమే, క్రొమాటిడ్‌లు 48. "ఎస్ దశ తర్వాత 48 క్రోమోజోమ్‌లు" అని రాసి ఉంటే అక్కడే ఎర్ర గీత పెట్టండి.

మైటాసిస్‌లో మెటాఫేజ్ దాకా ఇదే లెక్క. అనాఫేజ్‌లో సెంట్రోమియర్ చీలుతుంది, ప్రతి క్రొమాటిడ్ ఒక క్రోమోజోమ్ అవుతుంది. ఆ క్షణాన మొత్తం కణంలో 48, ఒక్కో ధ్రువం వైపు 24. ప్రశ్నలో "కణంలో" అన్నాడా, "ధ్రువం దగ్గర" అన్నాడా చూడకుండా అంకె వేయడం వల్ల పోయే మార్కులు చాలా ఎక్కువ. వ్యాసరూప జవాబులో అయితే రెండూ రాసేయండి, గొడవ ఉండదు.

ఇక మియోసిస్. ప్రోఫేజ్ 1లో జైగోటీన్ నాటికి సమజాత క్రోమోజోమ్‌లు జతకడతాయి. 24 క్రోమోజోమ్‌లు కలిసి 12 బైవలెంట్‌లు. బైవలెంట్‌లు 12 కదా అని క్రోమోజోమ్‌లు కూడా 12 అనేయకూడదు. ఒక్కో బైవలెంట్‌లో రెండు సెంట్రోమియర్‌లు ఉంటాయి, కాబట్టి 24 అలాగే ఉంది, క్రొమాటిడ్‌లు 48.

అసలు గండం అనాఫేజ్ 1. ఇక్కడ విడిపోయేవి సమజాత క్రోమోజోమ్‌లు, సోదర క్రొమాటిడ్‌లు కావు. క్రొమాటిడ్‌లను అంటిపెట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ భుజాల మీద తెగుతుంది కానీ సెంట్రోమియర్ దగ్గర తెగదు, షుగోషిన్ అనే మరో ప్రోటీన్ దాన్ని కాపాడుతుంది. సెంట్రోమియర్ చీలలేదు గనుక కణంలో ఉన్నది 24, ఒక్కో ధ్రువం వైపు 12. కాకపోతే ఆ 12లో ప్రతిదానికీ రెండు క్రొమాటిడ్‌లు, అంటే ధ్రువానికి 24 క్రొమాటిడ్‌లు. మిరపకు అనాఫేజ్ 1లో 48 అని కనిపించిందంటే పిల్లవాడి మనసులో మైటాసిస్ నడుస్తోందని అర్థం.

మెటాఫేజ్ 2లో ఒక్కో కణానికి 12 క్రోమోజోమ్‌లు, 24 క్రొమాటిడ్‌లు. అనాఫేజ్ 2లో సెంట్రోమియర్ ఇప్పుడు చీలుతుంది, ఒక కణంలో 24, ధ్రువానికి 12. చివరి నాలుగు కణాల్లో తలా 12. మియోసిస్ 1కీ 2కీ మధ్య ఇంటర్‌కైనెసిస్‌లో డీఎన్ఏ రెట్టింపు కాదు. రెట్టింపవుతుందని రాసిన జవాబులో ఈ లెక్క ఎప్పటికీ సరిపోదు, వేరే ఆధారం వెతకనక్కర్లేదు.

డీఎన్ఏ అడిగితే వేరే కాలమ్ వేసుకోండి. జీ1లో 2C అయితే జీ2లో 4C, మియోసిస్ 1 అయ్యాక ఒక్కో కణంలో 2C, మియోసిస్ 2 అయ్యాక C. మొదటి విభజన తర్వాత క్రోమోజోమ్‌లు 12, డీఎన్ఏ మాత్రం 2C అనే చోటే చాలామంది తడబడతారు. 12 అనగానే C రాసేస్తారు.

సంఘటనల్లో కలగాపులగం అయ్యేది ప్రోఫేజ్‌లోనే. జతకట్టడం జైగోటీన్‌లో, క్రాసింగ్ ఓవర్ పాకిటీన్‌లో, కయాస్మాలు స్పష్టంగా కనిపించేది డిప్లోటీన్‌లో. మైటాసిస్ ప్రోఫేజ్ కింద ఈ మూడింటిలో ఏది రాసినా కొట్టేయండి. బొమ్మల్లో మెటాఫేజ్‌ను చూడండి: మైటాసిస్‌లో మధ్యతలం మీద 24 ఒంటరి క్రోమోజోమ్‌లు, మెటాఫేజ్ 1లో 12 జతలు. మెటాఫేజ్ 2 బొమ్మ మైటాసిస్‌లాగే ఉంటుంది, అంకె ఒక్కటే దాన్ని పట్టిస్తుంది.

ప్రశ్నలో కణం పేరు కూడా చదవాలి. వేరు కొన అంటే మైటాసిస్సే. ప్రాక్టికల్స్‌లో ఎసిటోకార్మిన్‌తో రంగు వేసిన ఉల్లి వేరు స్లైడ్‌లో 16 క్రోమోజోమ్‌లు ఉంటాయి. అందులో బైవలెంట్‌లు గీసి ఇచ్చిన రికార్డులు కూడా వస్తాయి. మియోసిస్ కావాలంటే లేత మొగ్గలోని పరాగకోశాన్ని నలపాలి.