మలబద్ధకం తగ్గడం లేదా? ముందు మాత్రల సంచి విప్పి చూడండి

హనుమకొండలో మందుల దుకాణం నడుపుతున్నాను. మలబద్ధకానికి మందు అడిగే పెద్దవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకసారి తెచ్చి చూపించమని. మూడు వేర్వేరు జబ్బులకు ముగ్గురు వేర్వేరు డాక్టర్లు ఇచ్చిన మాత్రలు కలిసి పేగును ఎలా నిలబెట్టేస్తాయో మా పెద్దమ్మ విషయంలో దగ్గరగా చూశాను. ఆ క్రమంలోనే రాస్తున్నాను.

లక్షణం

పెద్దమ్మకు 66 ఏళ్లు, పరకాల దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఎప్పుడూ పొద్దున లేవగానే కడుపు సాఫీగా కదిలే మనిషి. ఫిబ్రవరిలో నాలుగైదు రోజులకోసారి, అది కూడా ఎంతోసేపు ముక్కితే గాని రాని పరిస్థితి వచ్చింది. మేక పెంటికల్లా గట్టిగా, ఎండినట్టు వచ్చేది. తిండిలో మార్పు లేదు, నీళ్లు తగ్గించలేదు. అరటిపండ్లు, ఆకుకూరలు, వేడినీళ్లు, ఇసబ్గోలు అన్నీ అయ్యాయి.

ఆమె మాటల మధ్యలో అన్న ఇంకో సంగతి నన్ను పట్టి ఆపింది. "సర్వపిండి ముక్క నోట్లో వేసుకుంటే నీళ్లు తాగితే గాని దిగడం లేదు బిడ్డా, నాలుక అంగిలికి అతుక్కుపోతోంది" అంది. దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయని కూడా అంది. మలబద్ధకంతో పాటు నోరెండిపోవడం, చూపు మసకబారడం, మూత్రం మొదలవడానికి ఆలస్యం కావడం, పెద్దవాళ్లలో కొత్తగా మతిమరుపు లేదా తికమక, వీటిలో ఒకటి రెండు తోడైతే అనుమానం తిండి మీద కన్నా మందుల మీదకు వెళ్లాలి.

కారణం మందులేనా? తేల్చుకునే పద్ధతి

సంచిలోని అట్టలన్నీ బల్ల మీద పరిచాను. ఒక్కొక్కటి ఎప్పుడు మొదలైందో అడిగి కాగితం మీద రాశాను. దసరా తర్వాత అరికాళ్ల మంటకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, తర్వాత 25 చేశారు. ఇది దిగులు జబ్బుకు వాడే పాత మందు, తక్కువ మోతాదులో నరాల మంటకూ ఇస్తారు. సంక్రాంతి దాటాక, మూత్రం ఆపుకోలేకపోతున్నానంటే సోలిఫెనాసిన్ 5 మిల్లీగ్రాములు. జనవరి చివర మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లినప్పుడు ఆ ఘాటుకు తుమ్ములు పట్టుకుంటే, ఇంకో డాక్టరు రాసిన జలుబు మాత్ర రోజుకు రెండు. దాని వెనక చిన్న అక్షరాల్లో క్లోర్‌ఫెనిరమిన్ మలియేట్ అని ఉంది. కడుపు మొరాయించింది ఫిబ్రవరి మొదటి వారంలో. మందు మొదలైన కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల లోపు, లేదా మోతాదు పెంచిన వెంటనే కడుపు మారితే ఆ రెండింటికీ సంబంధం ఉందనుకోవచ్చు.

అప్పుడు నాలుగో అట్ట బయటపడింది. మలం రాక కడుపు పట్టేస్తుంటే ఆ నొప్పికి తెచ్చుకున్న డైసైక్లోమిన్. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే అది కూడా అదే కోవకు చెందిన మందు. పేగు పట్టును వదిలించి నొప్పి తగ్గిస్తుంది నిజమే, కానీ కదలికనూ తగ్గిస్తుంది. అంటే మందు తెచ్చిన జబ్బుకు, ఆ జబ్బును పెంచే మరో మందు తోడైంది.

అసలు లోపల జరిగేది

పేగు గోడలోని కండరం ఒక అలలాగా ముడుచుకుంటూ మలాన్ని ముందుకు నెడుతుంది. అలా ముడుచుకోమని నరం చెప్పేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో. లాలాజలం ఊరమనీ, మూత్రాశయం ముడుచుకోమనీ చెప్పేది కూడా అదే. పైన చెప్పిన మందులన్నీ ఆ రసాయనం వచ్చి అందుకునే చోటును ముందే ఆక్రమిస్తాయి. మూత్రాశయం మందుకు అదే అసలు పని, అది ముడుచుకోకుండా చూడటం. తుమ్ముల మందుకూ, అమిట్రిప్టిలిన్‌కూ ఇది పక్కదారి పని. కానీ పేగుకు ఆ తేడా తెలియదు. అల బలహీనపడి మలం పెద్దపేగులో రోజుల తరబడి ఆగుతుంది, ఆగినంతసేపూ పేగు దానిలోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. నీళ్లు ఎంత తాగినా మలం గట్టిగానే రావడానికి కారణం ఇదే.

ఈ ప్రభావం కూడికలా పెరుగుతుంది. ఇలాంటి మందులకు 1 నుంచి 3 వరకు భారం లెక్కగట్టే పట్టిక ఒకటి వైద్యులు వాడతారు. మొత్తం 3కు చేరకుండా చూసుకుంటే మంచిదంటారు. పెద్దమ్మ వాడుతున్న మొదటి మూడింటికీ ఒక్కొక్కదానికి 3 చొప్పున 9. ఏ ఒక్క డాక్టరూ తప్పు మందు రాయలేదు, మిగతా ఇద్దరి చీటీలు ఎవరి ముందూ లేవు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకుంటే అదే రోజు వెళ్లాలి. మూత్రం పూర్తిగా ఆగినా, మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా మందుల మీదకు నెట్టేసి ఊరుకోకూడదు.

ఇంకొకటి మోసం చేస్తుంది. రోజుల తరబడి మలం రాక, ఆ తర్వాత పలచగా కొద్దికొద్దిగా తెలియకుండానే కారుతుంటే అది విరేచనాలు కాకపోవచ్చు. కింద గట్టి ముద్ద అడ్డుపడి, దాని పక్కనుంచి నీళ్లలాంటి మలం జారుతుంది. పెద్దమ్మకు మార్చిలో సరిగ్గా ఇదే జరిగింది. విరేచనాలు కట్టే మాత్ర ఇమ్మని మా అన్న వచ్చాడు. నేను ఇవ్వలేదు, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

డాక్టరు ఎలా సరిదిద్దారు

అన్ని అట్టలూ, నేను రాసిన తేదీల కాగితమూ ఆయన ముందు పెట్టాం. వేలితో పరీక్షించి గట్టి ముద్ద ఉందని తేల్చి, ముందు ఎనిమా ఇప్పించి దాన్ని ఖాళీ చేయించారు. ఆ తర్వాత పాలిథిలిన్ గ్లైకాల్ పొడి, 17 గ్రాములు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి రోజుకు రెండుసార్లు. ఇది నీటిని మలంలోనే పట్టి ఉంచుతుంది. ఫలితానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుందని, మర్నాడే రాలేదని మోతాదు పెంచుకోవద్దని చెప్పారు. ఇసబ్గోలు ఆపించారు. కదలని పేగులో, అందులోనూ అరగ్లాసు నీళ్లతో తాగితే, అది ఇంకో ముద్దగా మారుతుంది. థైరాయిడ్, కాల్షియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించారు, మందులు దొరికాయి కదా అని మిగతా కారణాలను వదిలేయలేదు.

మందుల విషయంలో ఆయన అన్నీ ఒకేసారి ఆపలేదు. ఏది తేలికగా మార్చవచ్చో దానితో మొదలుపెట్టారు.

మొదటి రోజే డైసైక్లోమిన్, జలుబు మాత్ర తీసేశారు. తుమ్ములకు ఫెక్సోఫెనడిన్ 120 మిల్లీగ్రాములు రోజుకొకటి, పండ్లరసంతో కాకుండా నీళ్లతో వేసుకోమన్నారు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాశారు. ఫెక్సోఫెనడిన్ కూడా అలర్జీ మందే, కానీ ఎసిటైల్‌కోలిన్ చోటును దాదాపు ముట్టుకోదు. మిర్చి దగ్గర కూర్చున్నప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమనీ గట్టిగా చెప్పారు.

రెండోది మూత్రాశయం మందు. ఇక్కడ ఆయన చేసిన చిన్న పరీక్ష అసలు కథను బయటపెట్టింది. మూత్రం పోసిన వెంటనే స్కానింగులో చూస్తే లోపల ఇంకా 190 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక, త్వరగా నిండి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తోంది. నిండిన పెద్దపేగు దాన్ని వెనకనుంచి నొక్కుతోంది. షుగరు ఎక్కువగా ఉండటం మూడో కారణం. అప్పటికి సోలిఫెనాసిన్ మోతాదు పెంచాలన్న ఆలోచన కూడా జరుగుతోంది, పెంచి ఉంటే ఇంకా చిక్కుపడేది. దాన్ని ఆపించి రెండు వారాలు చూద్దామన్నారు. ఈ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది రోజుల పైనే పడుతుంది, అందుకే ఆపిన మర్నాడే తేడా కనిపించదు. తర్వాత కూడా ఇబ్బంది ఉంటే మిరాబెగ్రాన్ ఇవ్వవచ్చన్నారు. అది వేరే దారిలో మూత్రాశయాన్ని వదులు చేస్తుంది, పేగును పెద్దగా ఆపదు. అయితే రక్తపోటు పెంచగలదు కాబట్టి బీపీ చూడకుండా మొదలుపెట్టరు.

అమిట్రిప్టిలిన్‌ను చివరికి ఉంచారు. చాలా నెలలు వాడిన దాన్ని హఠాత్తుగా ఆపితే వికారం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం వస్తాయి. 25ను 10 చేసి రెండు వారాలు, ఆ తర్వాత ఆపడం. బదులుగా, క్రియాటినిన్ బాగుందని చూసుకుని, రాత్రికి ప్రెగాబాలిన్ 75. ఇక్కడ మందు కొనేవాళ్లకు నేను చెప్పే జాగ్రత్త ఒకటి ఉంది. ప్రెగాబాలిన్‌తో నార్‌ట్రిప్టిలిన్ కలిపిన మాత్రలు బాగా అమ్ముడవుతాయి, అట్టలు ఒకేలా ఉంటాయి. నార్‌ట్రిప్టిలిన్ అమిట్రిప్టిలిన్‌కు దగ్గరి బంధువే, కాస్త మెతక అంతే. చీటీలో ఒక్క ప్రెగాబాలిన్ ఉంటే అట్ట మీద కూడా ఒక్కటే పేరుండాలి.

దిగులు జబ్బుకే అమిట్రిప్టిలిన్ వాడుతున్నవాళ్లు మాత్రం సొంతంగా ఒక్క రోజు కూడా ఆపకూడదు. కడుపు కోసం మందు మానేస్తే మనసు జబ్బు తిరగబెట్టవచ్చు. కడుపు బాధ మానసిక వైద్యుడికి చెప్తే మోతాదు తగ్గించడమో, పేగును ఇంతగా ఆపని సెర్ట్రాలిన్ లాంటి దానికి నెమ్మదిగా మార్చడమో చేస్తారు. మార్చడం కుదరనప్పుడు మందు కొనసాగిస్తూ పొడి మందును రోజూ ఇస్తారు, అది కూడా సరైన పరిష్కారమే.

ఎంత కాలానికి కుదురుకుంది

మూడో వారానికి రోజు విడిచి రోజు కడుపు కదిలింది. నోటి తడి అంతకన్నా ముందే తిరిగొచ్చింది. మళ్లీ స్కానింగు చేస్తే మిగిలిన మూత్రం 60 మిల్లీలీటర్లు. రాత్రి నాలుగైదుసార్లు లేచేది ఒకటి రెండుసార్లకు తగ్గింది కాబట్టి మిరాబెగ్రాన్ అవసరం రాలేదు. అమిట్రిప్టిలిన్ పూర్తిగా ఆపిన వారం అరికాళ్ల మంట కాస్త తిరగబెట్టింది. ప్రెగాబాలిన్ పెంచబోతే పాదాలు వాచాయి, అందుకని 75 దగ్గరే ఉంచి షుగరు మందు సరిచేశారు. పొడి రోజుకు ఒక్కసారికి దిగింది, ఇంకా వాడుతోంది.

ఆమె మాత్రల సంచిలో ఇప్పుడొక కాగితం ఉంటుంది. జబ్బు పేరు, మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, రాసిన డాక్టరు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కొత్త చీటీ రాయకముందే దాన్ని ఆయన చేతికిస్తుంది.