స్టోరీ పాయింట్లా, గంటలా? చిన్న టీమ్ ఎలా తేల్చుకోవాలి

నలుగురైదుగురు ఉన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పని అంచనా మీద ఈ వాదన మొదలైతే ఒక పట్టాన తెగదు. గంటల్లో చెప్పిన అంచనా ప్రతిసారీ తప్పుతోందని ఒకరంటారు, పాయింట్లలో చెబితే తేదీ ఎలా ఇస్తామని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. కానీ ఎవరి మాట మీ టీమ్‌కు వర్తిస్తుందో వాదించుకుని తేల్చలేం. ఇప్పటికే ముగించిన టాస్కులను ఒక షీట్‌లో పెట్టి చూస్తే తేలుతుంది.

గంటలంటే పని మీద కూర్చునే సమయం. స్టోరీ పాయింట్ సమయం కాదు, పోలిక. ఫలానా పనిని 2 అనుకుంటే, ఈ పని దానికి రెండున్నర రెట్లు ఉంటుందనిపిస్తే 5 అంటాం. ఒక స్ప్రింట్‌లో టీమ్ మొత్తం ఎన్ని పాయింట్లు ముగించిందో దాన్ని వెలాసిటీ అంటారు. తేదీ చెప్పాలంటే అది తెలియాలి. స్క్రమ్ పాటిస్తున్నాం కాబట్టి పాయింట్లే వాడాలని చాలామంది అనుకుంటారు. స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ల ఊసే లేదు. అవి ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ నుంచి వచ్చాయి.

మొదట పాత టాస్కులు తీయండి

ఈ మధ్య పూర్తయిన 20 టాస్కులు చాలు. బాగా జరిగినవే ఏరుకోకుండా, వరసగా చివరి 20 తీసుకోండి. B కాలమ్‌లో ముందు చెప్పిన గంటలు, C కాలమ్‌లో నిజంగా పట్టిన గంటలు రాయండి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. టాస్క్ మొదలైన తేదీ నుంచి ముగిసిన తేదీ దాకా లెక్కేసి దాన్నే పట్టిన సమయం అనుకుంటారు. అందులో రివ్యూ కోసం ఆగిన రెండు రోజులూ, మధ్యలో వచ్చిన బగ్గులూ కలిసిపోతాయి. కూర్చుని పనిచేసిన గంటలే కావాలి. అవి ఎక్కడా రాసి లేకపోతే జ్ఞాపకం మీద నింపకండి. వచ్చే రెండు స్ప్రింట్లలో ప్రతి సాయంత్రం, అరగంట తేడాతో అయినా సరే, నమోదు చేసి అప్పుడు ఈ పరీక్ష పెట్టండి.

D2లోని ఫార్ములాను D21 దాకా లాగి నిష్పత్తులు తీసి, కింద మూడు అంకెలు లెక్కించండి.

```
D2:  =C2/B2
D23: =MEDIAN(D2:D21)
D24: =QUARTILE(D2:D21,1)
D25: =QUARTILE(D2:D21,3)
```

టాస్కుల్లో మధ్య సగం చివరి రెండు అంకెల మధ్య ఉంటాయి. D25లోని పై అంకె D24లోని కింది అంకెకు రెట్టింపు లోపు ఉంటే గంటలతో హాయిగా సాగిపోవచ్చు. అంచనా తప్పుతూనే ఉండవచ్చు గానీ, ఒకే తీరున తప్పుతోంది. మీడియన్ 1.5 అయితే 10 గంటలన్న పనికి 15 వేసుకుంటే సరిపోతుంది. రెట్టింపు దాటితే మాత్రం ఏ గుణకంతోనూ సరిదిద్దలేం.

చెదిరితే వెంటనే పాయింట్లకు మారిపోకండి

నలుగురి టీమ్ ఒకటి ఈ లెక్క వేసిందనుకుందాం. మీడియన్ 1.4 వచ్చింది, కింది అంకె 1.1, పై అంకె 2.4. రెట్టింపు దాటింది. ఇక్కడే ఆగిపోతే గంటలు పనికిరావనిపిస్తుంది. అదే షీట్‌ను పని రకాన్ని బట్టి వేరుచేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. సొంత కోడ్‌లోనే జరిగిన 13 టాస్కుల నిష్పత్తి 1.0, 1.5 మధ్యే ఉంది. లాగిన్‌లో ఓటీపీకి 6 గంటలన్నారు, 8 పట్టింది. బయటివాళ్ల ఏపీఐతో ముడిపడిన 7 టాస్కులు మాత్రం 1.9 నుంచి 3.5 దాకా పోయాయి. పేమెంట్ గేట్‌వేకి 10 అన్నారు, 31 పట్టింది. డాక్యుమెంట్‌లో ఉన్న ఫీల్డులు ఒకటి, నిజంగా వచ్చే రెస్పాన్స్ ఇంకొకటి కావడంతో అన్ని గంటలయ్యాయి.

పాయింట్లు వేసినా ఆ 31 ముందుగా తెలిసేది కాదు. లోపల ఏముందో తెలియని పనికి ఏ కొలతా నప్పదు. ఈ టీమ్ సొంత కోడ్ పనులను గంటల్లోనే ఉంచి 1.3తో గుణించుకోవాలి. బయటి ఏపీఐ పనికి ముందుగా 4 గంటలు కేటాయించి, ఒక రిక్వెస్ట్ పంపి రెస్పాన్స్ చూసి, ఆ తర్వాతే అంచనా చెప్పాలి.

రకాలుగా విడదీశాక కూడా సొంత కోడ్ పనులే చెదిరి ఉంటే, అప్పుడు పాయింట్లకు వెళ్లడం సబబు. కొత్త ప్రాడక్ట్ తొలి నెలల్లో ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

ఒకరి పని ఇంకొకరు చేయగలరా?

చిన్న టీమ్‌లో దీన్ని తప్పక చూడాలి. వెలాసిటీ టీమ్ మొత్తానికి ఒకటే అంకె. నలుగురి రెండు వారాల స్ప్రింట్‌లో 40 పనిదినాలుంటాయి. ఒకరు 5 రోజులు సెలవు పెడితే పోయేది ఎనిమిదో వంతు. కానీ ఆ ఒక్కరే మొబైల్ డెవలపర్ అయితే ఆ 5 రోజులూ మొబైల్ పని మొత్తం ఆగిపోతుంది. పాయింట్ల మొత్తం చూస్తే ఇది కనబడదు. ఎవరి పని వాళ్లదే అన్నట్టున్న టీమ్‌కు మనిషివారీగా గంటలు లెక్కేయడమే మేలు. రోజుకు 8 గంటలు కాకుండా, మీటింగులు, రివ్యూలు పోగా 5 లేదా 6 వేసుకోండి. గంటల లెక్కన బిల్లు వేసే పనికీ, రోజులో కొంతసేపే పనిచేసే సభ్యులున్న చోటా కూడా గంటలే నప్పుతాయి.

పాయింట్లే అని తేలితే

ముగిసిన పనుల్లోంచి అందరికీ బాగా గుర్తున్న రెండింటిని ఎంచుకుని, ఒకదానికి 2, ఇంకోదానికి 5 ఇవ్వండి. కొత్త పనులన్నిటినీ వాటితోనే పోల్చాలి. 1, 2, 3, 5, 8 చాలు. 8 దాటిందంటే ఆ పనిని ముక్కలు చేయాలి. అందరూ ఒకేసారి అంకె చూపించండి. సీనియర్ ముందే చెబితే మిగతావాళ్ల అంకె అటే జరుగుతుంది. ఒకరు 3, ఒకరు 8 చూపిస్తే ఆ ఇద్దరినే మాట్లాడనివ్వండి. సాధారణంగా ఒకరికి తెలిసిన చిక్కు ఇంకొకరికి తెలిసి ఉండదు. రెండో విడతలోనూ కలవకపోతే పెద్ద అంకె రాసుకుని ముందుకు సాగండి.

తేదీ మూడు స్ప్రింట్ల తర్వాతే చెప్పండి, అదీ ఒక్క తేదీగా కాదు. మూడు స్ప్రింట్లలో 21, 17, 24 పాయింట్లు ముగిశాయి, ఇంకా 90 మిగిలాయి అనుకుందాం. 24 చొప్పున 4 స్ప్రింట్లు, 17 చొప్పున 6. రెండు వారాల స్ప్రింట్ అయితే 8 నుంచి 12 వారాలు. సగటు తీసి 5 స్ప్రింట్లని ఒక్క మాట చెబితే, వినేవాళ్లు దాన్నే గడువుగా రాసుకుంటారు.

పాయింట్లు చెడిపోవడం రెండు చోట్ల తెలిసిపోతుంది. "అరపూట పని, 1 వేయి" అన్న మాట వినిపిస్తే మీరు గంటలకే పాయింట్ అని పేరు పెట్టి వాడుతున్నట్టు. అలాంటప్పుడు నేరుగా గంటలు రాసుకోవడమే నయం. రెండోది, వెలాసిటీ 20 నుంచి 30కి పెరిగినా ముగిసిన స్టోరీలు స్ప్రింట్‌కు 7 దగ్గరే నిలిచిపోవడం. చాలావరకు ఇలాంటప్పుడు పని పెరగలేదు, అంకెలు ఉబ్బాయి. వెలాసిటీని పనితీరుకు కొలమానంగా ఎవరైనా అడగడం మొదలుపెట్టాకే ఎక్కువగా ఇలా జరుగుతుంది. మొదట ఎంచుకున్న 2, 5 పాయింట్ల పనులను మళ్లీ తెరిచి, ఈమధ్య 5 వేసిన స్టోరీని వాటి పక్కన పెట్టి చూడండి. పాత 2 అంతే ఉందనిపిస్తే ఆ స్ప్రింట్ నుంచే అంకెలు దించి, వెలాసిటీని మొదటి నుంచి లెక్కించండి.