విదేశీ దరఖాస్తు - పాఠం 4: వాళ్ల గడువు మన టైంలో ఎప్పుడు?

గత పాఠంలో కాగితాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. ఇప్పుడు గడువు లెక్క. హనుమకొండలో కూర్చుని అమెరికాలోని యూనివర్సిటీకి దరఖాస్తు పంపుతున్నారనుకోండి. వాళ్ల పేజీలో ఇలా ఉంది: `March 15, 2027, 11:59 PM EST`. యూనివర్సిటీ న్యూయార్క్ టైం నడిచే ఊళ్లో ఉంది. ఈ పాఠం మొత్తం ఈ ఒక్క లైను మీదే.

ముందుగా ఆ లైనును ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో రాసుకోండి. తేదీ, గంట, `PM`, చివరి మూడక్షరాలు, ఏదీ వదలొద్దు. "మార్చి 15 లాస్ట్ డేట్" అని మాత్రమే రాసుకుంటే తర్వాత లెక్క కట్టడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు తేడా. "అమెరికా అంటే మనకంటే పదిన్నర గంటలు వెనక" అని చాలామంది నోటికి చెప్పేస్తారు. న్యూయార్క్ విషయంలో అది చలికాలంలోనే నిజం. అక్కడ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. మన గడియారం ఏడాదంతా ఒకేలా ఉంటుంది. కాబట్టి న్యూయార్క్‌తో మన తేడా చలికాలంలో పదిన్నర గంటలు, మిగతా నెలల్లో తొమ్మిదిన్నర గంటలు. 2027 మార్చిలో రెండో ఆదివారం 14వ తేదీ. మన గడువు 15, సోమవారం. అంటే గడియారం మారిన మర్నాడే గడువు.

లెక్కను ప్రపంచమంతటా టైం జోన్‌లకు ఆధారమైన యూటీసీ టైం మీదుగా రెండు అడుగుల్లో చేయండి, తప్పు పోదు. మార్చి 15న న్యూయార్క్ యూటీసీ కంటే 4 గంటలు వెనక ఉంటుంది. రాత్రి 11:59కి 4 గంటలు కలిపితే యూటీసీలో మార్చి 16 తెల్లవారుజాము 3:59. మనం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు. అది కూడా కలిపితే మార్చి 16, మంగళవారం ఉదయం 9:29. అదీ మన గడువు.

ఇదే లెక్కను ఫిబ్రవరిలో ఫోన్ వరల్డ్ క్లాక్ చూసి చేస్తే ఉదయం 10:29 వస్తుంది. ఫోన్ అబద్ధం చెప్పలేదు. అది చూపేది ఆ రోజున్న తేడా, గడువు రోజున ఉండబోయే తేడా కాదు. పది గంటలకు తీరిగ్గా కూర్చున్నవాళ్లకు పోర్టల్ అప్పటికే మూతపడి కనిపిస్తుంది. అక్టోబరులో చూసి డిసెంబరు గడువుకు లెక్క కడితే పొరపాటు మనకు మేలే చేస్తుంది, ఒక గంట ముందే పంపేస్తాం. మార్చిలోనే అది ముంచుతుంది.

పేజీలో ఉన్న `EST` సంగతి కూడా తేల్చుకోవాలి. అది చలికాలపు టైం పేరు. మార్చి 15న అక్కడ నడిచేది `EDT`. అక్షరాల ప్రకారం పోతే మన గడువు 10:29, ఊళ్లో గడియారం ప్రకారం పోతే 9:29. అక్కడివాళ్లు ఏడాది పొడవునా అలవాటుగా `EST` అని రాసేస్తుంటారు కాబట్టి ఆ మూడక్షరాల మీద ఆధారపడొద్దు. రెండు అర్థాలు వచ్చినప్పుడు ముందు వచ్చే టైమే మీది. అలాగే 11:59 అంటే 11:59 మొదలయ్యే క్షణమే అనుకోండి, ఆ నిమిషమంతా మీదనుకోవద్దు. లెక్కకొచ్చేది వాళ్ల సర్వర్ గడియారం, మీ ల్యాప్‌టాప్‌ది కాదు.

లెక్క సరిచూసుకోవడానికి లినక్స్ ఉన్నవాళ్లకు ఒక్క కమాండ్ చాలు:

```
TZ="Asia/Kolkata" date -d 'TZ="America/New_York" 2027-03-15 23:59'
```

ఇందులో మూడక్షరాల పేరు బదులు ఊరి పేరు ఇచ్చాం. ఆ రోజు అక్కడ ఏ టైం నడుస్తుందో కంప్యూటరే చూసుకుంటుంది. లినక్స్ లేనివాళ్లు గూగుల్ క్యాలెండర్‌లో కొత్త ఈవెంట్ తెరిచి, టైం జోన్‌గా న్యూయార్క్ ఎంచుకుని, ఆ తేదీ, ఆ గంట పెడితే సరిపోతుంది. సేవ్ చేయగానే అది మన టైంలో కనిపిస్తుంది. చేత్తో వేసిన లెక్కా ఇదీ కలవకపోతే ఎక్కడో ఒక గంట జారిందని అర్థం.

ఇక మిగులు సమయం. "ఒక రోజు ముందే పంపుతా" అనుకోవడం మంచిదే గానీ, ఆ ఒక రోజు ఏ రోజన్నది చూడాలి. ట్రాన్‌స్క్రిప్ట్ అప్‌లోడ్ కాకపోయినా, ఫీజు కట్టినా కట్టలేదని చూపినా, సరిచేయగలిగేది అక్కడి అడ్మిషన్ ఆఫీసు మాత్రమే. కాబట్టి మిగులును మన గంటల్లో కాకుండా వాళ్ల ఆఫీసు తెరిచి ఉండే రోజుల్లో కొలవండి. కనీసం రెండు పూర్తి పనిదినాలు చేతిలో ఉండాలన్నది మా లెక్క: మొదటి రోజు మీ మెయిల్ వాళ్లు చదవడానికి, రెండో రోజు వాళ్ల జవాబు చూసి మీరు సరిచేయడానికి.

గడువు నుంచి వెనక్కి నడుద్దాం. సోమవారం 15ను లెక్కలో వేసుకోవద్దు, ఆ రోజు అందరూ మెయిళ్లు పెడతారు. 14, 13 ఆది, శనివారాలు, ఆఫీసు ఉండదు. మిగిలేవి శుక్రవారం 12, గురువారం 11. ఆఫీసు ఉదయం 9కి తెరుస్తుందనుకుంటే, గురువారం నాటికి ఇంకా గడియారం మారలేదు కాబట్టి అది మనకు రాత్రి 7:30. అంటే మార్చి 11, గురువారం రాత్రి 7:30 లోపు దరఖాస్తు వాళ్లకు చేరి ఉండాలి. అసలు గడువు మంగళవారం ఉదయమే అయినా మీ గడువు ఇదే. గోడ క్యాలెండర్‌లో దీన్నే రాయండి, 16ను రాయొద్దు.

ఇటువైపు బ్యాంకును కూడా చూడాలి. కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి, మనమే బ్యాంకు యాప్‌లో తెరిచి పరిమితి పెట్టుకోవాలి. యాప్‌లో కుదరకపోతే బ్రాంచికి పోవాల్సిందే. 13 రెండో శనివారం, బ్యాంకు సెలవు, మర్నాడు ఆదివారం. నెలవంకను బట్టి రంజాన్ కూడా ఆ వారం మధ్యలోనే పడేలా ఉంది. అందుకని కార్డు పని మార్చి 8, సోమవారానికే ముగించండి. ఫీజు కట్టే పూట కార్డు తిరస్కరిస్తే వెంటవెంటనే నాలుగైదుసార్లు నొక్కొద్దు, బ్యాంకు అనుమానించి కార్డునే ఆపేయొచ్చు. ఒకసారి ఆగి, ముందు పరిమితి చూడండి.

సబ్మిట్ నొక్కగానే పని అయిపోయినట్టు కాదు. చాలా పోర్టళ్లలో ఫీజు అందాకే దరఖాస్తు పూర్తయినట్టు నమోదవుతుంది. స్టేటస్‌లో `Submitted` అని వచ్చిందా, ధ్రువీకరణ మెయిల్ వచ్చిందా చూసి రెండింటినీ తేదీ, టైం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఫోల్డర్‌లో వేయండి.

అభ్యాసం: లండన్‌లోని ఒక సంస్థ గడువు `31 March 2027, 12 noon, UK time`. బ్రిటన్‌లో గడియారం ముందుకు జరిగేది మార్చి చివరి ఆదివారం, అంటే 28న. 26 గుడ్ ఫ్రైడే, 29 ఈస్టర్ సోమవారం, రెండూ అక్కడ సెలవులే. మన టైంలో గడువెంతో, రెండు పనిదినాల మిగులుతో మీ గడువెంతో కాగితం మీద వేయండి.

జవాబు: గడువు మార్చి 31, బుధవారం సాయంత్రం 4:30. దానికి ముందున్న పనిదినాలు మంగళవారం 30, గురువారం 25 మాత్రమే. 25న ఆఫీసు ఉదయం 9కి తెరిస్తే మనకు మధ్యాహ్నం 2:30. మీ గడువు అదే. మధ్యాహ్నం 1:30 వచ్చిందంటే గడియారం ఇంకా మారని రోజుకు మారిన తేడా వేశారన్నమాట.

వచ్చే పాఠంలో సిఫార్సు లేఖలు రాసే సార్లకు ఈ తేదీలను ఎలా చెప్పాలో చూద్దాం.