విమానం రద్దయితే రీఫండ్ మెయిల్ పంపే ముందు

ఎయిర్‌లైన్ పంపిన మెసేజ్‌లోని లింక్ తొందరపడి నొక్కకండి. వేరే విమానానికి ఒప్పుకున్నారంటే, ఆ తర్వాత డబ్బు అడగడం కష్టం. మామూలుగా టికెట్ రద్దు చేసే బటన్ ఇంకా ప్రమాదం: మీరే రద్దు చేసుకున్నారని ఛార్జీ కోస్తారు. మా అక్క హైదరాబాద్–విశాఖ టికెట్‌కి కట్టిన 5,840లో 3,500 ఇలాగే పోయాయి. ఎంత టెన్షన్ పడిందో!

- ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తేదీ, సమయం కనిపించేలా తీసి పెట్టుకోండి. రద్దు చేసింది వాళ్లేనని చూపేది అదే.

- మెయిల్‌లో పీఎన్ఆర్, కట్టిన మొత్తం రాశాక, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన పేరు రాయండి: సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4. ఎయిర్‌లైనే రద్దు చేస్తే వేరే విమానమో, టికెట్ డబ్బు మొత్తమో ఇవ్వాలని అందులో ఉంది. వాతావరణం బాగోలేదంటే నష్టపరిహారం రాకపోవచ్చు గానీ, టికెట్ డబ్బు అడగవచ్చు. ఈ రెండూ కలిపి రాయకండి.

- "న్యాయం చేయండి" అంటే పని జరగదు. "రూ. 5,840 నేను కట్టిన కార్డుకే వేయండి, క్రెడిట్ షెల్ వద్దు" అని రాయండి. క్రెడిట్ షెల్ అంటే మీ డబ్బును తర్వాతి టికెట్‌కి వాడుకునేలా ఎయిర్‌లైన్ తన దగ్గరే ఉంచుకోవడం; అది తీసుకోవడం ప్రయాణికుడి ఇష్టం.

ఏజెంట్ దగ్గర కొన్న టికెట్ అయినా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. జవాబు రాకపోతే అదే మెయిల్ జతచేసి కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టండి.