ప్రపోజల్‌కి జవాబు రాకపోతే ఒక్క అంకె అడగండి

పని కోసం క్లయింట్‌కి ప్రపోజల్ పంపాక అవతలి నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ "చూశారా అండీ?" అని అడగాలంటే దేబిరించినట్టు ఉంటుంది.

ఓ ఐదు పనిదినాలు ఆగి, పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. కొత్త మెయిల్ వద్దు, ప్రపోజల్ కోసం వాళ్లు వెతుక్కోకూడదు. ఒక్క అంకెతో జవాబు చెప్పగలిగేలా అడగండి. వెబ్‌సైట్ పని అనుకుంటే, నేను ఇలా రాస్తాను:

"నమస్కారం అండీ. వచ్చే నెల పనుల షెడ్యూల్ వేసుకుంటున్నాను. మీ వెబ్‌సైట్ పని మీద నిర్ణయం ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క అంకె పంపితే చాలు.
1. మొదలుపెడదాం
2. ఇంకా చూస్తున్నాం, రెండు వారాలాగి అడగండి
3. ఇప్పటికి వద్దు"

మూడోది తీసేయాలనిపిస్తుంది, తీయకండి. చాలాసార్లు మౌనానికి కారణం వద్దని చెప్పలేని మొహమాటమే. ఆ దారి మనమే చూపిస్తే జవాబు రాయడం తేలికవుతుంది. "ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి" లాంటివి అక్కర్లేదు. అడక్కుండా రేటు తగ్గించడం మరీ చేటు, మొదటి రేటు మీదే అనుమానం వస్తుంది.

దీనికీ జవాబు లేకపోతే పది రోజులాగి ఇంకొక్కసారి రాసి వదిలేయండి.

ఫలానా తేదీన చెబుతామని వాళ్లు ముందే అనుంటే మాత్రం ఆ తేదీ దాటేదాకా ఇది పంపొద్దు. మాటిమాటికీ 2 వస్తోందంటే, నిర్ణయం బహుశా మీకు జవాబిస్తున్న మనిషి చేతిలో లేదు. అప్పుడు అంకెలు మానేసి, "మీ పైవాళ్లకు చూపించడానికి ఒక పేజీలో వివరాలు పంపనా?" అని అడగండి.